రేగడిలో నీళ్ళు నిలిచే చోటు: అనుభవ పాఠాలు

సింహాద్రిపురం, ముద్దనూరు, కొండాపురం వైపు నీళ్ళు నిలిచే నేలల గురించి రాస్తున్నానంటే మా ఊళ్ళలో నవ్వేవాళ్ళుంటారు. వానే సరిగా పడని సీమలో నీళ్ళు నిలవడమేమిటని. కానీ నల్లరేగడిలో ఒక్క తడి నవంబరు చాలు. 2021 నవంబరు వానలకు కడప జిల్లాలో మొలక దశలోని శనగ చేలు నీళ్ళలో నానిపోయాయి. ఆపైన ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక శనగ వేసే రేగడిలో చీనీ పెట్టేవాళ్ళు పెరిగారు. శనగ పోతే ఆ ఏడు పంట పోతుంది. చీనీ చెట్టు వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిచి బంక కారడం, వేరుకుళ్ళు మొదలైతే ఏళ్ళ పెట్టుబడి పోతుంది. అందుకే మొక్క నాటకముందే ఏ చేను పల్లమో, నీళ్ళు ఎటు నడిచి ఎక్కడ ఆగుతాయో తెలియాలి. కంప్యూటరులో ఎత్తుల పటం పెట్టుకుని ఆ చోట్లు వెతికే పనిలో నేను చాలా కాలం గడిపాను. ఇప్పుడు ఆ పనిలోకి దిగుతున్న పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. సూత్రం చిన్నదే, అందులోని రెండు ముక్కల్లో వాలే మనల్ని మోసం చేస్తుంది.

1979లో ఇంగ్లండుకు చెందిన కీత్ బెవెన్, మైక్ కర్క్‌బీ ఒక సూచికను ప్రతిపాదించారు. టోపోగ్రాఫిక్ వెట్‌నెస్ ఇండెక్స్ అంటారు, నేను తేమ సూచిక అంటాను. అది ఇంతే:

```
TWI = ln( a / tan β )
```

ఒక చోటుకు పైనుంచి ఎంత నేల నీళ్ళు వచ్చి చేరతాయో, ఆ నేల విస్తీర్ణాన్ని ఆ చోటి వెడల్పుతో భాగిస్తే వచ్చేది a. β ఆ చోటి వాలు. ఎక్కువ నీళ్ళు వచ్చి, వాలు తక్కువై కదలలేకపోతే సూచిక పెరుగుతుంది.

30 మీటర్ల గళ్ళ పటం మీద లెక్క వేసి చూడు. కొండ భుజం మీద ఒక గడి. దానికి పైనుంచి ఏ నీళ్ళూ రావు, తన మీద పడ్డదే. a అంటే 30 మీటర్లు, వాలు వందకు 5. 30ని 0.05తో భాగిస్తే 600, దాని లాగరిథమ్ 6.4. చేను నడిమి గడి ఒకటి తీసుకో. తనతో కలిపి 21 గళ్ళ నీళ్ళు, a 630 మీటర్లు, వాలు వందకు 2. సూచిక 10.4. ఇక వంక పక్కనున్న పల్లపు గడి. వెయ్యి గళ్ళ నీళ్ళు, a 30,000 మీటర్లు, వాలు వందకు అర. సూచిక 15.6. ఇక్కడిదాకా మనకు తెలిసిన నేలకూ లెక్కకూ పొత్తు కుదిరింది.

ఇప్పుడు ఆ చివరి గడిలో తప్పు చేద్దాం. నీళ్ళు చేరే నేలను పొరపాటున రెట్టింపు లెక్కిస్తే సూచిక 0.7 పెరుగుతుంది. వాలును అర శాతానికి బదులు 0.1 శాతంగా పొరబడితే 1.6 పెరుగుతుంది. 30 మీటర్ల దూరంలో అర శాతం వాలంటే 15 సెంటీమీటర్ల దిగువ, 0.1 శాతమంటే 3 సెంటీమీటర్లు. ఉపగ్రహపు ఎత్తుల పటాల్లో తప్పు మీటర్లలో ఉంటుంది. పక్కపక్క గళ్ళ మధ్య తేడా అంతకంటే కొంత నయమే అయినా సెంటీమీటర్లు తేల్చే శక్తి వాటికి లేదు. కొండల నేలలో ఈ చిక్కు అంతగా కనబడదు. రేగడి మైదానంలో సూచిక ఆడేదంతా దీని మీదే. ఇది తెలుసుకోక మునుపు నేను పటంలో ప్రతి నీలి మచ్చకూ ఒక కథ కట్టేవాణ్ణి.

2. ఎత్తుల పటాన్ని ఎప్పుడు, దేన్ని చూసి కొలిచారో ముందు అడగాలి.

మొదట్లో అందరిలాగే నేనూ ఎస్‌ఆర్‌టీఎం పటంతో పని మొదలుపెట్టాను. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌకలోంచి రాడార్‌తో కొలిచిన పటం అది. ఎత్తులు నిండు మీటర్లలో ఉంటాయి, దశాంశాలు ఉండవు. వందకు పావు వాలున్న శనగ చేలో ఒక మీటరు దిగాలంటే 400 మీటర్లు నడవాలి, అంటే పదమూడు గళ్ళు. ఆ పదమూడింటిలో పదకొండుకి కంప్యూటరు వాలు సున్నా అంటుంది. మెట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు గళ్ళకు మాత్రం 1.67 శాతం అంటుంది. నిజమైన వాలు ఆ రెండింటిలో ఏదీ కాదు. సూచిక వేస్తే చేలకు అడ్డంగా చారలు పడతాయి, ఒక చార తడి, ఒక చార పొడి. ఆ చారలు గట్ల వెంబడి నడిచే ఊట అనుకుని నేను ఒక నివేదికలో రాశాను కూడా. చారలు సమోన్నత రేఖలకు సమాంతరంగా సాగుతుంటే అవి నేలవి కావు, కొలతవి. దాన్ని గుర్తుపట్టడానికి వాలు పటంలో ఎన్ని రకాల విలువలున్నాయో చూస్తే చాలు. సున్నా, 0.42, 1.67 లాంటి కొన్ని విలువలే మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆ పటం మన మైదానానికి పనికిరాదు.

తరువాత కోపర్నికస్ 30 మీటర్ల పటానికి మారాను. దాని రాడార్ కొలతలు 2011–2015 మధ్యవి, ఎత్తులకు దశాంశాలుంటాయి, చారలు పోయాయి. ఇంకో పొరపాటు ఎదురొచ్చింది. ఆ రాడార్ నేలను కాక నేల మీద ఉన్నదాన్ని కొలుస్తుంది. పది ఎకరాల చీనీ తోట అంటే దాదాపు నలభై అయిదు గళ్ళు. చెట్లు మూడు మీటర్లు ఎదిగితే పటంలో ఆ తోట రెండు మూడు మీటర్ల దిబ్బగా లేస్తుంది. పైనుంచి వచ్చే నీళ్ళు ఆ దిబ్బను చుట్టి పక్క చేలోకి పోయినట్టు లెక్క వస్తుంది.

ఇక్కడే నా వల్ల ఒకాయన నష్టపోయాడు. తోట ఒక మూల చెట్లు వరసగా ఎండుతున్నాయి, ఆ ఖాళీలలో మళ్ళీ నాటమంటావా సార్ అని అడిగాడు. నా పటంలో ఆ మూల గట్టి పొడి నేల. నీళ్ళ వల్ల కాదు, నాటుకో అన్నాను. నాటాడు. తరువాతి తడి ఏట ఆ మొక్కలూ అదే తీరున పోయాయి. వెళ్ళి గొట్టంతో లెవెల్ పట్టి చూస్తే ఆ మూల చుట్టుపక్కల అన్నిటికంటే దిగువ. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. చెట్ల వరసల మధ్య నిలబడి దిబ్బా పల్లమా అని ఒక్కసారి చూసివుంటే తెలిసేది, నేను ఆఫీసులోనే ఉండిపోయాను.

అడవులనూ ఇళ్ళనూ తీసేసి నేల ఎత్తుకు దగ్గరగా తెచ్చిన ఫాబ్‌డెమ్ అనే పటాన్ని బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2022లో ఇచ్చారు. తోటలున్న చోట దానితో మొదలుపెట్టడం మేలు. అయినా పొట్టి తోటలను అది పూర్తిగా చదును చేస్తుందని నమ్మకు. పటం ఏ ఏడాదిదో కూడా చూడాలి. సింహాద్రిపురం మండలంలోని పైడిపాలెం జలాశయం 2000లో లేదు. పాత పటంలో అక్కడ లోయ ఉంటుంది, నీళ్ళు దానిగుండా పారతాయి. జలాశయం కట్టాక నీటి లెక్కే వేరు. ఏ ఏడాది పటమో రాయకుండా తేమ సూచిక ఎవరికీ ఇవ్వకు.

3. పటంలోని గుంటలన్నీ తప్పులు కావు, పూడ్చేముందు లోతు కొలుచుకో.

నీటి దారి లెక్కించాలంటే ప్రతి గడి నుంచీ దిగువకు దారి ఉండాలి. పటంలో గుంట ఉంటే లెక్క అక్కడ తెగిపోతుంది. అందుకని ప్రోగ్రాములు గుంటలను అంచు దాకా పూడుస్తాయి. మేము అలవాటుగా ఆ పని చేసి ముందుకు పోయేవాళ్ళం. పూడ్చిన గుంట చదునైన పళ్ళెంలా మారుతుంది, అక్కడ వాలు సున్నా, సూచిక ఆకాశానికి. వానాకాలంలో నిజంగా నిండే కుంట ఎక్కడో, పటం తప్పు ఎక్కడో ఇక ఎవరూ విడదీయలేరు.

రోడ్లు, కాలువ కట్టలు, యర్రగుంట్ల–గుంతకల్లు రైలుకట్ట లాంటివి ఇంకా ఇబ్బంది. 30 మీటర్ల పటంలో చేని గనిమ కనబడదు, కానీ ఎత్తయిన కట్ట కొంతమేరకైనా కనబడుతుంది. దాని కింద నీళ్ళు పోయే మోరీ మాత్రం కనబడదు. కాబట్టి పటంలో ఆ కట్ట ఆనకట్ట అవుతుంది. పూడ్చే ప్రోగ్రాము కట్ట వెనక పెద్ద చెరువును తయారుచేస్తుంది. ఆ చెరువు ఉన్నచోట శనగ హాయిగా పండుతుంటుంది. మోరీ నిజంగా పూడిపోయిన చోట మాత్రం ఆ చెరువు నిజమే, పొలం మునుగుతుంది. పటం ఈ రెంటికీ తేడా చెప్పదు, నువ్వు వెళ్ళి మోరీలోకి తొంగి చూడాల్సిందే.

ఇప్పుడు నేను చేసేది ఇది. గుంటను పూడ్చకుండా, దాని అంచును తక్కువ తవ్వకంతో తెంచి దారి ఇచ్చే పద్ధతి వాడతాను. విడిగా, పూడ్చిన పటం నుంచి అసలు పటాన్ని తీసేసి గుంటల లోతు పటం ఒకటి ఉంచుకుంటాను. అర మీటరు కంటే తక్కువ లోతువి చాలావరకు కొలత తప్పులే. మీటరు దాటి, అనేక గళ్ళు ఆక్రమించినవాటి జాబితా చేతిలో పట్టుకుని ఊరికి వెళతాను. రైతును మీ చేనిలో నీళ్ళు నిలుస్తాయా అని అడిగితే లేదంటాడు, ఎవరికి మాత్రం తన నేలకు చెడ్డపేరు కావాలి? ఏ మూల అరక దించడానికి అందరికంటే ఆలస్యమవుతుందని అడిగితే వెంటనే చూపిస్తాడు.

4. పటంలో కొండ మీద రంధ్రాలు కనబడితే లెక్క ఎక్కడ చెడిందో వెంటనే తెలుస్తుంది.

వాలు పటాలు చాలాసార్లు డిగ్రీలలో వస్తాయి. tan ప్రమేయం రేడియన్లు అడుగుతుంది. మార్చడం మరిచి డిగ్రీలను నేరుగా ఇచ్చేస్తే ఏమవుతుందో చూడు. 0.3 డిగ్రీల వాలుకు అసలు tan విలువ 0.0052. మార్చకపోతే 0.309 వస్తుంది. సూచిక 15.6 రావలసింది 11.5 అవుతుంది, పల్లమంతా పొడి నేలగా మారుతుంది. వాలు 1.57 డిగ్రీలు దాటగానే tan రుణాత్మకమై లాగరిథమ్ కుదరక గడి ఖాళీగా మిగులుతుంది. అంటే కొండవాలులోనే రంధ్రాలు పడతాయి. మైదానం మాత్రమే కత్తిరించి పని చేసేవాళ్ళకు ఈ తప్పు ఎన్నటికీ కనబడదు. అందుకని నీ పటం చుట్టూ ఒక కొండ కూడా ఉండేట్టు హద్దు గీసుకో.

రంధ్రాలు పల్లంలో పడితే కారణం వేరు. వాలు సున్నా ఉన్న గళ్ళను కొన్ని ప్రోగ్రాములు ఖాళీగా వదిలేస్తాయి, సున్నాతో భాగించలేవు కదా. నీళ్ళు ఎక్కువగా నిలిచేవి అవే గళ్ళు కావచ్చు, పటంలో మాత్రం అక్కడ తెల్ల కాగితం. వాలుకు ఒక కనీస హద్దు పెడితే ఆ ఇబ్బంది తీరుతుంది. నేను 0.001 పెడతాను. ఇంకొకటి: పటం అక్షాంశ రేఖాంశాల డిగ్రీలలో ఉంటే వాలూ విస్తీర్ణమూ రెండూ తప్పుతాయి. మన ప్రాంతానికి ముందు EPSG:32644కు మార్చుకో. నేను వాడే వరస ఇది:

```
whitebox_tools -r=BreachDepressionsLeastCost --dem=dem.tif -o=br.tif --dist=20 --fill
whitebox_tools -r=DInfFlowAccumulation -i=br.tif -o=sca.tif --out_type=sca
whitebox_tools -r=Slope --dem=dem.tif -o=slope.tif --units=degrees
gdal_calc.py -A sca.tif -B slope.tif --outfile=twi.tif --type=Float32 \
  --calc="log(A/maximum(tan(B*3.14159265/180),0.001))"
```

నీటి దారి తెంచిన పటం నుంచి తీసినా, వాలు మాత్రం అసలు పటం నుంచే తీస్తున్నానని గమనించు. తెంచిన చోట పడే కృత్రిమ కాలువ వాలును పాడుచేస్తుంది.

5. మైదానంలో నీళ్ళు గీతలా పారవు.

ప్రతి గడి నీళ్ళనూ ఎనిమిది పొరుగు గళ్ళలో ఒక్కదానికే పంపే పద్ధతి డీ8, 1984 నాటిది. వంక ఎక్కడుందో గీయడానికి అది చాలు. చేనంతా పరుచుకుని జారే నీటికి అది చాలదు. ఒక గడికి వేల గళ్ళ నీళ్ళు, పక్క గడికి ఒక్కటి కూడా లేదన్నట్టు వస్తుంది, తేమ పటం సన్నని దారాల గుత్తి అవుతుంది. 1997లో టార్బటన్ ఇచ్చిన డీ-ఇన్ఫినిటీ పద్ధతిలో నీళ్ళు రెండు గళ్ళకు పంచుకుని పోతాయి. పైన రాసిన వరసలో ఉన్నది అదే. పటంలో వాలుల మీద దారాలు కనబడితే నువ్వు ఏ పద్ధతి వాడావో ఒకసారి వెనక్కి చూసుకో.

6. రేగడి ఆ సూత్రం మాట పూర్తిగా వినదు.

బెవెన్, కర్క్‌బీల ఆలోచన వెనక ఒక నేల ఉంది. వాన నీళ్ళు పైపొరలోకి ఇంకి, లోలోపలే వాలు వెంబడి జారి పల్లంలో తేలే నేల అది, తడి దేశపు కొండ నేల. మన రేగడి తడిస్తే ఉబ్బి పగుళ్ళు మూసుకుంటుంది, ఆ తరువాత గంటకు కొద్ది మిల్లీమీటర్లు కూడా ఇంకనివ్వదు. లోలోపల పక్కకు జారే నీళ్ళు బహు తక్కువ. కాబట్టి ఇక్కడ సూచిక చెప్పేది ముఖ్యంగా నేల పైన నడిచే నీటి సంగతి.

దీనికి రెండు పర్యవసానాలు. ఒకటి, పెద్దగా నీళ్ళు వచ్చి చేరని చదును నేలలో కూడా రేగడి మునుగుతుంది, తన మీద పడిన వానతోనే. మెరకమీది చదును గడి ఒకటి తీసుకో: అయిదు గళ్ళ నీళ్ళే, a 150 మీటర్లు, వాలు 0.001. సూచిక 11.9. ఇందాకటి చేను నడిమి గడికి 10.4 కదా, అంతకంటే ఇదే ఎక్కువ. ఇదే మెరక ఎర్రనేల అయితే నీళ్ళు ఇంకిపోయేవి, ఆ 11.9 అబద్ధం. రేగడి అయితే నిజం. అంకె ఒక్కటే, దాని అర్థం నేలను బట్టి మారింది. కాబట్టి నేలల పటాన్ని పక్కన పెట్టుకోకుండా, ఎర్రనేలనూ రేగడినీ విడదీయకుండా తేమ పటం చదవకూడదు. నేను చాలాకాలం రెంటినీ ఒకే రంగుల మెట్లతో అచ్చు వేసి ఇచ్చాను.

రెండోది, కాలువ పక్క జవుకు. కాలువ నుంచీ జలాశయం కట్ట నుంచీ వచ్చే ఊట వానకు సంబంధించినది కాదు, వాలుకూ అంతగా కట్టుబడదు. ఎండాకాలంలో కూడా తుంగ పచ్చగా ఉంటే, నేల మీద తెల్లగా చౌడు పూస్తుంటే అది ఊట. దాన్ని సూచిక పట్టదు. పట్టలేదని సూచికను తప్పుబట్టకు, దాన్ని అడగాల్సిన ప్రశ్న అది కాదు.

నేల నిజం చెప్పించడానికి ఒక పద్ధతి ఉంది. ఆగర్‌తో మూడు నాలుగు అడుగుల లోతు మట్టి తీసి చూడు. ఏటేటా వారాల తరబడి నీళ్ళు నిలిచే చోట నల్లమట్టి లోపల బూడిద రంగు, దాంట్లో తుప్పు రంగు మచ్చలు కనబడతాయి. గాలి ఆడక ఇనుము కరిగి మళ్ళీ గడ్డకట్టిన ఆనవాళ్ళు అవి. ఒక్క వానకు మునిగి తేరుకునే చేలో అవి అంతగా ఉండవు. చీనీకి ప్రమాదం ఆ మచ్చలున్న చోటే. రేగడి నలుపు మచ్చలను దాచేస్తుంది, మట్టిపెళ్ళను విరిచి ఎండలో చూడాలి.

7. అంకెను కాక వరసను చూడు, ఆ వరసనూ పరీక్షకు పెట్టు.

సూచిక 14 దాటితే జవుకు నేల అని ఎక్కడో చదివి నేనూ అదే గీత పెట్టాను. పనికిరాలేదు. గళ్ళ సైజు మారితే అంకెలన్నీ జరుగుతాయి, పెద్ద గళ్ళకు సూచిక పెరుగుతుంది. డీ8కీ డీ-ఇన్ఫినిటీకీ తేడా వస్తుంది. ఒక పటంలోని 14 ఇంకో పటంలోని 14 కాదు. ఒకే పటంలో, ఒకే రకం నేలలో, గళ్ళను పెద్ద నుంచి చిన్నకు వరస పెట్టి పై పదో వంతును తీసుకోవడం మేలు.

ఆ పదో వంతు నిజంగా పనికొస్తుందా అన్నది 2021 నవంబరు లాంటి వాన తరువాతి బొమ్మలతో పరీక్షించవచ్చు. మబ్బులుంటే మామూలు ఉపగ్రహ చిత్రం పనికిరాదు, సెంటినల్-1 రాడార్ మబ్బుల గుండా చూస్తుంది. బోడి నేల మీద నిలిచిన నీళ్ళు అందులో నల్లగా కనబడతాయి, పైరు ఎదిగి నీటిని కప్పితే మాత్రం కనబడవు. శనగ చిన్నదిగా ఉండే నవంబరు దానికి అనువైన కాలం. నీళ్ళు కనబడ్డ గళ్ళలో ఎన్ని నీ పదో వంతులో పడ్డాయో లెక్కపెట్టు. నూటికి పది మాత్రమే పడితే నీ పటానికీ కళ్ళు మూసుకుని వేలు పెట్టడానికీ తేడా లేదు. నూటికి నలభై పడితే చూడదగ్గ పటమే, మిగతా అరవై ఎందుకు తప్పాయో నేలల పటంలో, మోరీలలో, తోటలలో వెతుకు. ఈ పరీక్ష చేయని పటాలు నా చేతి మీదుగా చాలానే బయటికి పోయాయి.

పరీక్షలో నెగ్గినా ఆ పటం చెప్పేది ఎక్కడ ముందు తవ్వి చూడాలన్నది మాత్రమే. చీనీ నాటబోయే రైతుకు దాన్ని ఇచ్చేముందు, ఆయన చేలో పై పదో వంతులో పడిన చోట ఒక గుంత, పడని చోట ఒక గుంత తీయించు. ఒక మోస్తరు వాన తరువాత రెండు గుంతల్లో నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయో ఆయన చేతనే రాయించి, ఆ కాగితాన్ని కూడా పటంతో కలిపి ఇవ్వు.